102కి పాత రేటు ఎలా పడింది? ఫార్ములా కాపీ కొట్టినప్పుడు అసలేం జరుగుతుంది

(అపార్ట్‌మెంట్ సంఘాల కోశాధికారుల సమావేశంలో చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. తెర మీద అక్షరాలు కనపడకపోతే ముందుకి వచ్చి కూర్చోండి, ఎందుకంటే ఇవాళ మనం మాట్లాడుకోబోయేదంతా ఒక్క డాలర్ గుర్తు ఉందా లేదా అన్న దాని మీదే.

నేను ఉద్యోగరీత్యా లెక్కల మనిషినే, ఎక్సెల్ నాకు కొత్త కాదు, అయినా మా అపార్ట్‌మెంట్‌కి కోశాధికారిగా ఒప్పుకున్న మొదటి నెలలోనే తప్పు బిల్లు ఇచ్చాను. అదీ నాలుగు నెలల పాటు, ఎవరూ పట్టుకోకుండా. అందుకే ఆ షీట్‌నే మీకు చూపిస్తాను, వేరే ఉదాహరణ వెతుక్కోవాల్సిన పని లేదు.

మాది పదహారు ఫ్లాట్ల బిల్డింగ్. నాలుగు అంతస్తులు, అంతస్తుకి నాలుగు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకి ఇంత అని లెక్క. షీట్ ఇలా ఉంటుంది: పైన B1లో ఈ ఏడాది రేటు, 3 రూపాయలు. దాని కింద B2లో కిందటేడు రేటు, 2.75, పోల్చుకోవడానికి ఉంటుందిలే అని నేనే రాసిపెట్టుకున్నాను. B3 ఖాళీ. నాలుగో వరసలో హెడింగులు: ఫ్లాట్, చదరపు అడుగులు, మెయింటెనెన్స్. ఐదో వరస నుంచి ఫ్లాట్లు మొదలు. A5లో 101, B5లో 1200. C5లో నేను కొట్టింది ఇది:

```
=B5*B1
```

3,600 వచ్చింది. కరెక్టే కదా. దాన్ని కాపీ కొట్టి C6 నుంచి C20 దాకా పేస్ట్ చేశాను. ఏం వచ్చిందో చూడండి.

102 ఫ్లాటుకి 2,887.50. 103కి సున్నా. 104కి `#VALUE!`. 201కి పద్నాలుగు లక్షల నలభై వేలు. (నవ్వులు) నవ్వకండి, ఆ ఫ్లాటు ధర కాదది, నెల మెయింటెనెన్స్.

ఇప్పుడు ఒక్కో సెల్ మీద క్లిక్ చేసి లోపల ఏముందో చూద్దాం.

```
C5   =B5*B1
C6   =B6*B2
C7   =B7*B3
C8   =B8*B4
C9   =B9*B5
```

నేను ఫార్ములాని ఒక వరస కిందకి జరిపాను, అందులో ఉన్న రెండు అడ్రసులూ ఒక్కో వరస కిందకి జరిగాయి. B5 కాస్తా B6 అవ్వడం నాకు కావాల్సిందే, అది 102 వాళ్ల చదరపు అడుగులు. కానీ B1 కూడా B2 అయిపోయింది, అంటే కిందటేడు రేటు. 103కి B3, అది ఖాళీ, ఖాళీతో గుణిస్తే సున్నా. 104కి B4, అది "చదరపు అడుగులు" అనే మాట, మాటతో గుణించలేను మహాప్రభో అని ఎక్సెల్ మొత్తుకుంటోంది. 201కి వచ్చేసరికి B5, అంటే 201 వాళ్ల 1200ని 101 వాళ్ల 1200తో గుణించింది. అక్కడి నుంచి కిందంతా లక్షలే.

నేనేం చేశానంటే, సున్నా కనపడింది, ఎర్రర్ కనపడింది, లక్షలు కనపడ్డాయి, అవి తప్పని ఎవరికైనా తెలుస్తుంది. పైన రెండు మాత్రం బానే ఉన్నట్టున్నాయి. అప్పటికి రాత్రి పదకొండున్నర, పొద్దున్నే గ్రూపులో పెట్టాలి. 103 నుంచి కిందవన్నీ చెరిపేసి, C7లో `=B7*3` అని నేరుగా మూడు కొట్టి కిందకి లాగేశాను. అంకెలన్నీ చక్కగా వచ్చాయి, పడుకున్నాను.

102 వాళ్లకి రావాల్సింది 1050 ఇంటూ 3, అంటే 3,150. వెళ్లింది 2,887.50. రెండు వందల అరవై రెండున్నర తక్కువ. వాళ్లు వచ్చి నాకెందుకు చెప్తారండీ, రేటేమైనా తగ్గించారేమో అనుకుని ఉంటారు. ఆ షీట్‌నే ప్రతి నెలా కాపీ చేసి పేరు మార్చుకుంటూ పోయాను, కాబట్టి ఆ తప్పు కూడా నెలనెలా నాతోనే వచ్చింది. చివరికి 302 ఆవిడ, వాళ్లదీ 1050 అడుగులే, "మా కింద మూడో... కాదు కాదు, మొదటి అంతస్తు వాళ్లకి మాకంటే తక్కువెందుకు పడుతోందండీ" అని అడిగితే అప్పుడు చూసుకున్నాను.

ఈ కథలో నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే, 14 లక్షలు ప్రమాదం కాదు, అది తనంతట తనే అరిచి చెప్తుంది. 2,887.50 ప్రమాదం. తప్పు సెల్‌లో నిజమైన అంకెలాంటిదే ఇంకోటి ఉన్నప్పుడు వచ్చే జవాబు నిజంలాగే ఉంటుంది.

సరే, ఎక్సెల్ ఎందుకలా చేస్తుంది? తప్పు దానిది కాదు. మనం `B1` అని రాసినప్పుడు మన దృష్టిలో అది ఒక డోర్ నంబరు. ఎక్సెల్ దృష్టిలో అది దారి. మన ఊళ్లో ఎవరైనా ఇల్లు అడిగితే చెప్తాం చూడండి, "ఇక్కడి నుంచి ఎడం పక్క వీధిలోకి తిరిగి, నాలుగిళ్లు పైకి వెళ్లండి" అని. ఆ మాట మా గుమ్మం ముందు నిలబడి చెప్తే ఒక ఇంటికి చేరతారు, పక్కింటి గుమ్మం ముందు నిలబడి అదే మాట వింటే ఇంకో ఇంటికి చేరతారు. దారి చెప్పిన మాటలు మారలేదు, నిలబడిన చోటు మారింది. C5లో కూర్చున్న ఫార్ములాకి B5 అంటే "నా ఎడం పక్కది", B1 అంటే "నా ఎడం పక్క కాలమ్‌లో నాలుగు వరసలు పైది". C6లో పేస్ట్ చేస్తే ఆ దారే మళ్లీ చదువుతుంది. నాలుగు వరసలు పైకి వెళ్తే అక్కడ ఉన్నది B2.

ఇది ఊహించి చెప్పడం కాదు, ఎక్సెల్‌లో చూడొచ్చు. File, Options, Formulas లోకి వెళ్లి `R1C1 reference style` అన్నదానికి టిక్ పెట్టండి. అప్పుడు C5, C6, C7 మూడింటిలోనూ ఒకటే కనపడుతుంది:

```
=RC[-1]*R[-4]C[-1]
```

మైనస్ నాలుగు అంటే నాలుగు వరసలు పైకి, మైనస్ ఒకటి అంటే ఒక కాలమ్ ఎడమకి. కింద ఉన్న పదిహేను సెల్స్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఇదే ఫార్ములా. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. సెల్ మూలన ఆకుపచ్చ త్రికోణం వస్తుంది కదా, పక్కవాటితో పోలిస్తే ఈ ఫార్ములా తేడాగా ఉంది అని హెచ్చరించేది. ఈ తప్పుకి అది రాదు. ఎందుకొస్తుంది, దాని లెక్కలో అన్నీ ఒకటే ఫార్ములా! అన్నీ ఒకే రకంగా తప్పు కాబట్టి దానికి తేడా కనపడదు. ఆకుపచ్చ త్రికోణం లేదు కాబట్టి అంతా బానే ఉంది అని మాత్రం అనుకోవద్దు. చూశాక ఆ టిక్ తీసేయండి, లేకపోతే పైన A, B, C పోయి 1, 2, 3 వచ్చి ఇంట్లో వాళ్లు కంగారు పడతారు.

పాత సంగతి ఒకటి చెప్పి ముందుకి వెళ్తాను. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు కలిసి విజికాల్క్ అని చేశారు, పర్సనల్ కంప్యూటర్ మీద వచ్చిన మొట్టమొదటి స్ప్రెడ్‌షీట్ అది. అందులో ఫార్ములాని వేరే సెల్స్‌లోకి కాపీ చేస్తే, లోపల ఉన్న ఒక్కో అడ్రసు దగ్గరా ఆగి అడిగేది, దీన్ని మార్చకుండా ఉంచాలా, చోటుని బట్టి జరపాలా అని. N కొట్టాలి, లేదా R కొట్టాలి. విసుగే మరి. తర్వాత లోటస్ 1-2-3 లాంటివి వచ్చేసరికి అడగడం మానేసి, ముందే డాలర్ గుర్తు పెట్టి చెప్పేసుకో అన్నాయి. ఇప్పుడు మనల్ని ఎవరూ ఏమీ అడగరు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి.

ఏమిటా ప్రశ్న? ఫార్ములాలో ఉన్న ఒక్కో అడ్రసునీ చూసి, "నేను కదిలితే ఇది నాతో రావాలా, ఉన్నచోటే ఉండాలా?" అంతే. 102కి వెళ్తే చదరపు అడుగులు 102వి కావాలి, అది నాతో రావాలి. రేటు నాతో రాకూడదు, ఎక్కడికెళ్లినా B1 దగ్గరే ఉండాలి. ఆవుని గుంజకి కట్టేసినట్టు దాన్ని కట్టేయాలి. ఆ గుంజే డాలర్ గుర్తు.

```
=B5*$B$1
```

డాలర్ టైప్ చేయక్కర్లేదు. ఫార్ములా కొడుతున్నప్పుడు కర్సర్ B1 మీద ఉండగా F4 నొక్కండి, `$B$1` అవుతుంది. ఇంకోసారి నొక్కితే `B$1`, మళ్లీ నొక్కితే `$B1`, నాలుగోసారికి మామూలు B1. లాప్‌టాప్‌లో F4 నొక్కితే సౌండో వెలుతురో మారితే Fn కూడా పట్టుకుని నొక్కండి. మాక్‌లో అయితే Cmd+T. గూగుల్ షీట్స్‌లో కూడా F4 పనిచేస్తుంది. ఫోన్‌లో చేసేవాళ్లకి F4 ఉండదు, డాలర్ వేలితో కొట్టుకోవచ్చు.

ఎవరో చెయ్యెత్తారు, అడగండి.

(సభలో ఒకరు: "సార్, నేరుగా 3 అని కొట్టేస్తే ఈ గొడవే లేదు కదా, మీరు చేసినట్టు?")

అదే చేశాను కదండీ, అందుకే ఏడుస్తున్నాను. ఆ మూడు పద్నాలుగు సెల్స్‌లో కూరుకుపోయింది. మరుసటి ఏడాది కమిటీ రేటు పెంచితే B1లో మారుస్తారు, 101కి మారుతుంది, మిగతావాళ్లకి మారదు. అంకెలు సెల్‌లో కనపడే చోట ఉండాలి, ఫార్ములా పొట్టలో కాదు. ఇంకా నమ్మకంగా కావాలంటే B1 మీద నిలబడి, ఎడమ వైపు పైన అడ్రసు కనపడే చిన్న పెట్టెలో `Rate` అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇక `=B5*Rate` అని రాసుకోవచ్చు. అలా పేరు పెట్టినది మామూలుగా కట్టేసినట్టే, ఎక్కడ పేస్ట్ చేసినా కదలదు. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు చూసినా అర్థమవుతుంది.

ఇప్పుడు కొంచెం చిక్కు ఉన్నది. వేసవిలో మాకు నీళ్ల ట్యాంకర్లు. ఏ నెల ఖర్చు ఆ నెల, దాన్ని మొత్తం అడుగులతో భాగిస్తే అడుగుకి ఇంత అని వస్తుంది. ఏప్రిల్‌కి 80 పైసలు, మే నెలకి రూపాయి ఇరవై, జూన్‌కి 95 పైసలు అనుకోండి. దీనికి వేరే షీట్. రేట్లు మూడో వరసలో అడ్డంగా ఉన్నాయి: C3, D3, E3. అడుగులు B కాలమ్‌లో నిలువుగా, B5 నుంచి. ఒకే ఫార్ములా C5లో రాసి, కిందకీ పక్కకీ లాగాలి. ఏం రాస్తాం?

డాలర్ లేకుండా `=B5*C3` రాసి పక్కకి లాగితే D5లో `=C5*D3` అవుతుంది. C5 అంటే 101 వాళ్ల ఏప్రిల్ నీళ్ల డబ్బులు, 960 రూపాయలు. దాన్ని మే రేటుతో గుణించి 1,152 అని చూపిస్తుంది. రావాల్సింది 1200 ఇంటూ 1.20, అంటే 1,440. చూడండి మరి, 1,152 అంటే ఏప్రిల్ కంటే మే ఎక్కువే కదా, ఎండాకాలం కదా, ఎవరికి అనుమానం వస్తుంది? మళ్లీ అదే 2,887.50 జాతి తప్పు.

భయపడి అన్నిటికీ డాలర్లు పెట్టేసేవాళ్లు ఉంటారు. `=$B$5*$C$3`. అప్పుడు ఏ మూలకి లాగినా 960, పదహారు ఫ్లాట్లకీ మూడు నెలలకీ 960. ఇది కొంచెం నయం, కళ్లకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

సరైనది మధ్యలో ఉంది:

```
=$B5*C$3
```

డాలర్ అక్షరం ముందుంటే కాలమ్ కట్టేసినట్టు. అంకె ముందుంటే వరస కట్టేసినట్టు. అడుగుల విషయంలో మనకి ఏం కావాలి? పక్కకి వెళ్లినా B లోనే ఉండాలి, కిందకి వెళ్తే మాత్రం కిందకి రావాలి. కాబట్టి B ముందు డాలర్, 5 ముందు లేదు. రేటు విషయంలో పక్కకి వెళ్తే పక్క నెలకి రావాలి, కిందకి వెళ్లినా మూడో వరసలోనే ఉండాలి. కాబట్టి C వదిలేసి 3 ముందు డాలర్. కిందకి లాగితే అంకెలు మారతాయి, పక్కకి లాగితే అక్షరాలు మారతాయి. ఏది మారకూడదో దాని ముందు గుంజ పాతండి. బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు, C5లో కూర్చుని ఈ రెండు ప్రశ్నలూ అడ్రసుకోసారి వేసుకోండి చాలు. మొదట్లో నేను కూడా వేలు పెట్టి చూపించుకుంటూ నోట్లో గొణుక్కుంటూ చేసేవాణ్ని.

(సభలో ఒకరు: "కట్ చేసి పేస్ట్ చేసినా ఇలాగే జరుగుతుందా అండీ?")

మంచి ప్రశ్న అడిగారమ్మా. జరగదు. కట్ చేస్తే ఫార్ములా ఇల్లు మారినట్టు, లోపల రాసుకున్న అడ్రసులు అలాగే ఉంటాయి, డాలర్ ఉన్నా లేకపోయినా. పైగా దాన్ని చూస్తున్న వేరే ఫార్ములాలు కూడా కొత్త చోటుకి తిరుగుతాయి. ఇక కాపీనే చేయాలి, కానీ అడ్రసులు కదలకూడదు అనుకున్నప్పుడు, సెల్‌ని కాపీ చేయకుండా F2 నొక్కి లోపలికి వెళ్లి, ఆ రాతని సెలెక్ట్ చేసుకుని కాపీ కొట్టి, Esc నొక్కి బయటికి వచ్చి, కొత్త సెల్‌లో పేస్ట్ చేయండి. అప్పుడు అది వట్టి రాతే, దానికి దిక్కులు తెలియవు. ఇంకోటి, పైకి కాపీ చేస్తే కూడా చూసుకోవాలి. `=B5*B1`ని C4లో పేస్ట్ చేస్తే B1కి ఒక వరస పైది కావాలి, షీట్‌లో అలాంటిది లేదు, ఫార్ములాలో దాని చోట `#REF!` అని పడుతుంది. ఆ పాత అడ్రసు ఇక ఆ సెల్‌లో ఉండదు, Ctrl+Z కొట్టి వెనక్కి రావడమే.

సరే, డాలర్ నేర్చుకున్నాను. అంతటితో అయిపోయిందా? లేదు, డాలర్ సరిగ్గా పెట్టినందుకే రెండో దెబ్బ తగిలింది.

రేటుని ప్రతి షీట్‌లో ఎందుకు రాయడం అని, `Rates` అని వేరే షీట్ పెట్టి, అన్ని నెలల షీట్లలోనూ ఇలా రాశాను:

```
=B5*Rates!$B$1
```

ఏడాది బాగా నడిచింది. మరుసటి ఏప్రిల్‌లో కమిటీ రేటు 3.25 చేసింది. `Rates`లో B1 మార్చాను. ఏప్రిల్ బిల్లులు కరెక్ట్‌గా వచ్చాయి. వార్షిక లెక్కలకి కిందటేడు షీట్లు తెరిస్తే 101 వాళ్ల పన్నెండు నెలలూ 3,900 అని ఉన్నాయి. వాళ్ల దగ్గర నేను సంతకం పెట్టిచ్చిన రసీదుల్లో 3,600. ప్రతి ఫ్లాటూ ప్రతి నెలా బాకీ పడ్డట్టు చూపిస్తోంది. డాలర్ తన పని తను చేసింది, B1నే పట్టుకుని ఉంది. B1 మారితే అన్నీ మారాయి.

అంటే రెండో ప్రశ్న ఒకటుంది: ఈ అంకె ఇంకా లెక్కలో ఉందా, జరిగిపోయిందా? ఇంకా బిల్లు ఇవ్వకపోతే అది ఫార్ములాగా ఉండాలి, రేటు మారితే మారాలి, అడుగులు దిద్దితే దిద్దుకోవాలి. బిల్లు ఇచ్చేశాక అది చరిత్ర. దాన్ని వట్టి అంకెగా చేసేయాలి. పేస్ట్ వాల్యూస్ ఉన్నది అందుకే.

C5 నుంచి C20 దాకా సెలెక్ట్ చేసి Ctrl+C. అక్కడే, చోటు మార్చకుండా, Ctrl+Alt+V నొక్కితే Paste Special పెట్టె వస్తుంది, V నొక్కి ఎంటర్. మౌస్ అలవాటున్నవాళ్లు రైట్ క్లిక్ చేసి 123 అని ఉన్న బొమ్మ నొక్కండి. గూగుల్ షీట్స్‌లో Ctrl+Shift+V, కొత్త ఎక్సెల్‌లో కూడా అదే పనిచేస్తుంది. ఇప్పుడు C5 మీద క్లిక్ చేస్తే పైన ఫార్ములా పట్టీలో `=` ఉండదు, 3600 అని మాత్రమే ఉంటుంది. ఫైల్ మూసేశాక ఇక వెనక్కి రాదు, అందుకని ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

ఇందులో మూడు చోట్ల కాలు జారుతుంది, నాకు మూడూ అయ్యాయి.

మొదటిది, సెలెక్ట్ చేసేటప్పుడు చెయ్యి ఒక వరస ఎక్కువ లాగింది. C21లో మొత్తం ఉంది, `=SUM(C5:C20)`. అది కూడా గడ్డకట్టింది. తర్వాత ఒక ఫ్లాటు అంకె దిద్దితే మొత్తం కదల్లేదు. కూడికలు, బ్యాలెన్సులు ఎప్పుడూ ఫార్ములాలుగానే వదిలేయండి.

రెండోది పైసలు. 302 వాళ్ల జూన్ నీళ్లు 1050 ఇంటూ 0.95, అంటే 997.50. సెల్‌లో పైసలు కనపడకుండా ఫార్మాట్ చేశాను కాబట్టి 998 అని చూపిస్తుంది. పేస్ట్ వాల్యూస్ కనపడేదాన్ని కాదు, లోపల ఉన్నదాన్ని పెడుతుంది, 997.50 నే. అలాంటివి రెండు కూడితే షీట్ 1,995 అంటుంది, కాగితం మీద 998, 998 కూడిన పెద్దాయన 1,996 అంటాడు, ఆ రూపాయి కోసం జనరల్ బాడీలో అరగంట. రూపాయికి సర్దాలనుకుంటే ముందు ఫార్ములాలోనే `=ROUND($B5*C$3,0)` అని సర్దేసి, తర్వాత వాల్యూస్ చేయండి.

మూడోది తేదీలు. వేరే షీట్‌లో వాల్యూస్‌గా పేస్ట్ చేస్తే 01-04-2025 పోయి 45748 అని వస్తుంది. కంగారు పడకండి, తేదీ పాడవ్వలేదు, ఎక్సెల్ తేదీలని లోపల రోజుల లెక్కగానే దాచుకుంటుంది, పైన వేసిన తేదీ తొడుగు మాత్రం మనం తేలేదు. Paste Special లో `Values and number formats` ఎంచుకుంటే తొడుగుతో సహా వస్తుంది.

ఇంకో ఫైల్‌లోకి పంపేటప్పుడు కూడా వాల్యూస్ మంచిది. `Rates`ని చూసే ఫార్ములాని అలాగే తీసుకెళ్లి కొత్త ఫైల్‌లో పేస్ట్ చేస్తే అది పాత ఫైల్ పేరు చదరపు బ్రాకెట్లలో తగిలించుకుని, నా కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ కోసం చూస్తుంటుంది. ఆడిటర్ గారు తెరవగానే లింకులు అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతుంది, ఆయన మనకి ఫోన్ చేస్తారు.

ఇక సరిచూసుకోవడం. మనందరం చేసే పొరపాటు ఏంటంటే మొదటి సెల్ చూస్తాం. మొదటిది ఎప్పుడూ కరెక్టే, మనం చేత్తో రాసింది కదా. చివరిది చూడండి. C20 మీద F2 నొక్కండి, ఆ ఫార్ములా చూస్తున్న సెల్స్ చుట్టూ రంగురంగుల గీతలు వస్తాయి. ఒకటి B20 మీద, ఇంకోటి B1 మీద ఉంటే నిశ్చింత. ఏ B16 మీదో ఉంటే దొరికిపోయినట్టే. మొత్తం షీట్ ఒకేసారి చూడాలంటే Ctrl పట్టుకుని, ఒకటి అంకెకి ఎడం పక్కన ఉన్న ` గుర్తు నొక్కండి, అంకెల బదులు ఫార్ములాలు కనపడతాయి. `=B7*3` లాంటి దొంగలు అక్కడ బయటపడతారు.

అంతకంటే నాకు ఇష్టమైనది రెండో దారిలో లెక్క. మా బిల్డింగ్ మొత్తం 19,200 అడుగులు. రేటు 3 అయితే మొత్తం 57,600 రావాలి, ఏ ఫ్లాటుకి ఎంతో చూడకుండానే చెప్పొచ్చు. అందుకని కింద ఒక సెల్‌లో ఇది పెట్టాను:

```
=SUM(C5:C20)-SUM(B5:B20)*$B$1
```

సున్నా రావాలి. ఆ మొదటి ఏప్రిల్‌లో ఇది పెట్టుకుని ఉంటే మైనస్ 262.50 అని చూపించి ఉండేది, ఆ రాత్రే దొరికేది.

మనది నెలకి రెండొందల అరవై రూపాయలతో పోయింది. 2003లో కెనడాలో ట్రాన్స్‌ఆల్టా అనే కరెంటు కంపెనీ న్యూయార్క్ కరెంటు లైన్ల కాంట్రాక్టులకి బిడ్లు వేసేటప్పుడు, ఎక్సెల్‌లో కట్ అండ్ పేస్ట్ పొరపాటు వల్ల ఒకదానికి వేయాల్సిన ధర ఇంకోదానికి పడింది. నష్టం 2 కోట్ల 40 లక్షల డాలర్లు. వరస ఒకటి జారితే అంతే.

ఇంకేమైనా ఉన్నాయా? ఆఁ, చెప్పండి.

(సభలో ఒకరు: "ఆ 102 వాళ్ల దగ్గర తక్కువపడ్డ డబ్బులు వసూలు చేశారా లేదా?")

చేశాను. నాలుగు నెలలకి సరిగ్గా 1,050 రూపాయలు. ఆగస్టు బిల్లులో కలుపుదామని 102 సెల్‌లో మాత్రం ఇలా రాశాను:

```
=B6*$B$1+1050
```

వాళ్లు మారు మాట్లాడకుండా కట్టేశారు. సెప్టెంబరుకి అలవాటు ప్రకారం ఆగస్టు షీట్‌ని కాపీ చేసి పేరు మార్చాను. ఆ ప్లస్ 1050 కూడా వచ్చేసింది. (నవ్వులు) ఈసారి మాత్రం పొద్దున ఏడింటికల్లా ఫోన్ చేశారండీ.